ఒక 'నూ', రెండు తెలుగు మాటలు: ఫ్రెంచి–తెలుగు అనువాదంలో మనము, మేము

తెలుగులో ఉత్తమపురుషకు రెండు బహువచన సర్వనామాలున్నాయి. మాట్లాడే వ్యక్తి ఎదుటివారిని తనలో కలుపుకొంటే మనము. ఎదుటివారిని విడిచి తనవారిని మాత్రమే కలుపుకొంటే మేము. ఫ్రెంచిలో ఈ రెండింటికీ ఒకటే మాట, నూ. దాని సంబంధరూపాలు కూడా అంతే. ఏకవచన నామానికి ముందు నోత్ర్, బహువచన నామానికి ముందు నో వస్తాయి గాని, ఆ వస్తువు వక్తది మాత్రమేనా, శ్రోతకు కూడా చెందినదా అన్నది ఆ రూపాలను బట్టి తెలియదు. ఫ్రెంచి నుంచి తెలుగులోకి వచ్చే అనువాదకుడు మూలంలో లేని ఒక నిర్ణయాన్ని ప్రతి వాక్యంలోనూ తీసుకోవలసి వస్తుంది. తెలుగు నుంచి ఫ్రెంచిలోకి వెళ్ళే అనువాదకుడు మూలంలో స్పష్టంగా ఉన్న నిర్ణయాన్ని వదులుకోవలసి వస్తుంది. ఈ రెండు పనులూ పైకి ఒకదానికొకటి అద్దంలోని ప్రతిబింబాల్లా కనిపిస్తాయి. వాస్తవంలో వాటి చిక్కులు వేరు.

తెలుగు అనువాదకులకు ఈ సమస్య ఫ్రెంచితో మొదలుకాలేదు. సంస్కృత 'వయమ్' కూడా శ్రోతను గురించి ఏమీ చెప్పదు. మహాభారతాన్ని తెలుగు చేసిన కవులు సభలో పాండవులు పలికిన ప్రతి వయమ్ వద్దా ఆ మాట అన్నదమ్ములలో అన్నదమ్ములు అనుకొన్నదా, కౌరవులను ఉద్దేశించి అన్నదా అని చూసుకొని, ఏము అనో మనము అనో నిర్ణయించుకోవలసి ఉండేది. సందర్భం సాధారణంగా ఆ సంగతిని తేల్చివేస్తుంది కాబట్టి ఇది ఒక సమస్య అన్న స్పృహ కూడా కలగకుండానే పని జరిగిపోయి ఉంటుంది. మాతృభాషీయుడికి మనము–మేముల తేడా నియమంగా కాక వినికిడిగా తెలుస్తుంది. అది నియమంగా తెలియవలసి వచ్చింది బయటివారికి.

ఐరోపావారి వ్యాకరణాలలో ఈ భేదం మొదట నమోదయింది ద్రావిడ భాషల వల్ల కాదు. పెరూలో కెచువా భాష నేర్చిన స్పానిష్ మతగురువు దొమింగో ద సాంతో తొమాస్ 1560లో ప్రచురించిన వ్యాకరణంలో ఈ రెండు 'మేము'లను వివరించాడు. దక్షిణాదిలో ఫ్రెంచివారు ఈ భేదాన్ని ఎదుర్కొన్నది పద్దెనిమిదో శతాబ్ది కర్ణాటక మిషనులో. నేటి రాయలసీమలోని పుంగనూరు, కృష్ణాపురం వంటి చోట్ల పనిచేసిన జెసూట్ గురువులు తెలుగు నేర్చి, తెలుగులో బోధించి, తమ తరవాత రాబోయేవారి కోసం నిఘంటువులు, వ్యాకరణాలు కూర్చుకొన్నారు. వారిలో గాస్తోఁ లోరాఁ కేర్దూ (1691–1779) పేరు భాషాశాస్త్ర చరిత్రలో సంస్కృతానికీ లాటిన్, గ్రీకులకూ ఉన్న పోలికలను గుర్తించినవాడిగా నిలిచింది. తెలుగు–ఫ్రెంచి–సంస్కృత నిఘంటువు కూర్చినవాడిగా తెలుగువారు ఆయనను గుర్తుంచుకోవలసి ఉంది.

ఈ గురువులకు నూ ఎందుకు కష్టమైందో ఊహించడానికి వ్రాతప్రతుల దాకా వెళ్ళనక్కరలేదు. వారి పనిలో అతి సామాన్యమైన రెండు సందర్భాలు చాలు. ఒకటి ప్రార్థన, రెండవది ప్రసంగం. దైవాన్ని 'నోత్ర్ పేర్' అని తండ్రిగా పిలిచే ప్రార్థనలో శ్రోత దైవమే. ప్రార్థించేవారు ఎందరున్నా ఆ దైవం వారి గుంపులో లేడు. కనుక అక్కడ 'మా' తప్ప వేరు గతి లేదు. అదే గురువు ప్రార్థన ముగించి, ప్రజల వైపు తిరిగి, అదే తండ్రిని గురించి అవే రెండు ఫ్రెంచి మాటలు మనసులో పెట్టుకొని మాట్లాడితే శ్రోతలు ప్రజలు. అక్కడ 'మన' అనాలి. ఫ్రెంచిలో ముఖం తిప్పడమే తప్ప మాట మారదు. తెలుగులో ముఖంతో పాటు మాటా మారాలి. ఇక్కడ పొరపాటు పడితే అది ఉచ్చారణ దోషంలా నవ్వుకొని వదిలేసేది కాదు. పాపాలను క్షమించమని వేడుకొనే చోట 'మన పాపాలు' అంటే దైవాన్ని కూడా పాపుల జాబితాలో చేర్చినట్లవుతుంది. ప్రసంగంలో 'మా తండ్రి' అంటే, వినవచ్చిన ఊరివారికి ఆ తండ్రితో సంబంధం లేదని చెప్పినట్లవుతుంది. ఆ రోజుల్లో ఆ గురువుల జీవిత లక్ష్యానికి అంతకన్నా విరుద్ధమైన వాక్యం మరొకటి ఉండదు.

పందొమ్మిదో శతాబ్దిలో ఈ విషయం బోధనావసరం నుంచి తులనాత్మక వ్యాకరణంలోకి వచ్చింది. 1856లో వెలువడిన రాబర్ట్ కాల్డ్వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం ఉత్తమపురుషకు రెండు బహువచనాలుండడాన్ని ఈ కుటుంబ లక్షణంగా చర్చించింది. తమిళంలో నామ్, నాంగళ్ ఉన్నాయి. ఆధునిక కన్నడంలో మాత్రం ఒక్క 'నావు' మిగిలింది. పొరుగునే ఉన్న భాష ఈ భేదాన్ని పోగొట్టుకొనీ ఇబ్బంది లేకుండా సాగుతున్నదంటే, ఇది లేనిదే ఆలోచన సాగదనే వాదానికి అర్థం లేదు. ఫ్రెంచివారు నూతో ఏ లోటూ లేకుండానే మాట్లాడుకొంటున్నారు. చిక్కు భాషలో కాదు, రెండు భాషల మధ్య దారిలో.

ఆ దారిని అర్థం చేసుకోవడానికి అత్యంత ఉపయోగపడే ఆలోచన ఫ్రాన్సులోనే పుట్టింది. 1946లో ఎమీల్ బెన్‌వెనిస్త్ క్రియలోని పురుష సంబంధాలను గురించి రాసిన వ్యాసంలో నూ అన్నది 'నేను'కు బహువచనం కాదని వాదించాడు. గుర్రాలు అంటే గుర్రం, గుర్రం, మరో గుర్రం. మనము అంటే నేను, నేను, మరో నేను కాదు. అది నేనుకూ నేను కానిదానికీ కలయిక. ఆ నేను కానిది 'మీరు' అయితే ఒక రూపం, 'వారు' అయితే మరొక రూపం. ఈ రెండింటినీ వేరు చేయని ఫ్రెంచి వంటి భాషలలో నూ మరొక గుణాన్ని సంతరించుకొంటుందని ఆయన అన్నాడు. అక్కడ నేను అంచులు చెరిగి వ్యాపిస్తుంది. రాజు తనను తాను నూ అనుకోవడం, గ్రంథకర్త వినయంతో నూ అని రాయడం అందుకే సాధ్యమవుతున్నాయి. అదే 1946లో జూల్ బ్లోక్ ద్రావిడ భాషల వ్యాకరణ నిర్మాణంపై తన ఫ్రెంచి గ్రంథాన్ని ప్రచురించడం యాదృచ్ఛికమే. అయినా ఒకే ఏడు ఒకే భాషలో వచ్చిన ఈ రెండు రచనలనూ పక్కపక్కన పెట్టి చదివే అలవాటు తెలుగు శాఖలలో ఉంటే బాగుండేది.

బెన్‌వెనిస్త్ మాటను సాహిత్యంలో పరీక్షించడానికి గుస్తావ్ ఫ్లోబేర్ 'మదాం బోవరీ'కి సాటివచ్చే రచన అరుదు. 1857లో పుస్తకంగా వచ్చిన ఈ నవల మొదటి పదమే నూ. తరగతి గదిలో కూర్చున్న పిల్లలలో ఒకడు, కొత్తగా వచ్చిన షార్ల్ బోవరీని చూసిన సంగతిని తన తోటివారందరి తరఫునా చెబుతాడు. కొద్ది పుటలలోనే ఆ గొంతు మాయమై, మిగిలిన నవల ప్రథమపురుష కథనంగా సాగిపోతుంది. ఈ మొదటి నూ తెలుగులో నిస్సందేహంగా మేము. పాఠకుడు ఆ గదిలో లేడు. రెండవ భాగం పన్నెండో అధ్యాయంలో, మానవ భాష ఎంత చాలనిదో చెబుతూ దాన్ని పగిలిన పాత్రతో పోల్చే ప్రసిద్ధ వాక్యంలో మళ్ళీ నూ వస్తుంది. అక్కడ మాట్లాడేది మనుషులందరి తరఫున. పాఠకుడు ఆ మనుషులలో ఒకడు. అది మనము కావాలి. ఇంతవరకు సందర్భమే దారి చూపుతుంది.

దారి చూపనిది వ్యవసాయ ప్రదర్శన జరిగే అధ్యాయం, రెండవ భాగంలో ఎనిమిదవది. లూయీ ఫిలిప్ రాజు పాలన కాలం. యోన్విల్ అనే చిన్న ఊళ్ళో జిల్లా రైతులకు బహుమతుల పండగ. రావలసిన జిల్లా అధికారి రాలేదు. బదులుగా ఆయన కార్యాలయ సలహాదారు లియవాఁ వచ్చి వేదికనెక్కి ప్రసంగిస్తాడు. అదే సమయంలో పురపాలక భవనం మేడమీద, రాజు బొమ్మ ఉన్న ఖాళీ సమావేశపు గదిలో, కిటికీ పక్కన మూడు స్టూళ్ళు వేసుకొని రొదోల్ఫ్ అనే భూస్వామి, వైద్యుడి భార్య ఎమ్మాను మాటలతో లోబరచుకొంటూ ఉంటాడు. కింది ప్రసంగాన్నీ పై సంభాషణనూ ఫ్లోబేర్ ముక్కలుగా కోసి ఒకదానిలో ఒకటి అల్లాడు. ఈ అల్లికలో నూ మళ్ళీమళ్ళీ వస్తుంది. ఫ్రెంచి పాఠకుడికి అన్నీ ఒకటే మాట. తెలుగు అనువాదకుడికి ఒక్కొక్కటీ ఒక్కో ప్రశ్న.

మొదట ఎమ్మా మాట. అశాంతితో తపించే మనుషులు కలల్లోకీ పిచ్చి పనుల్లోకీ దూకుతారని రొదోల్ఫ్ అన్నప్పుడు, తమకు ఆ వినోదం కూడా లేదని ఆమె అంటుంది. తనను తాను పేర్కొనడానికి ఆమె వాడేది 'నూజోత్ర్' అనే జంట మాట, వెంట 'పేద ఆడవాళ్ళం' అన్న అర్థపు మాటలు. నూజోత్ర్ అంటే అక్షరాలా 'మేము ఇతరులము'. ఒక వర్గాన్ని మిగిలినవారి నుంచి విడదీసేటప్పుడు ఫ్రెంచివారు దీన్ని వాడతారు. అందుచేత దీన్ని మేముకు సరైన సమానార్థకంగా భావించే అలవాటు కొందరు అనువాదకులలో ఉంది. అది పూర్తిగా సరికాదు. ఒక స్త్రీ మరొక స్త్రీతో నూజోత్ర్ ఆడవాళ్ళం అన్నప్పుడు ఆ మాట మగవారి నుంచి విడదీస్తుందే గాని ఎదుటి స్త్రీ నుంచి కాదు. అప్పుడు తెలుగులో 'మన ఆడవాళ్ళకి' అనాలి. విడదీయడం ఎవరి నుంచి అన్నదే ప్రశ్న. ఇక్కడ ఎదుట ఉన్నది మగవాడు. కనుక 'మా ఆడవాళ్ళకి ఆ పాటి భాగ్యం కూడా లేదు' అన్న రీతిలో చెప్పాలి. ఎమ్మా తొలి నూ రొదోల్ఫ్‌ను బయట ఉంచుతుంది.

దానికి రొదోల్ఫ్ ఇచ్చే జవాబులో నూ లేదు. అతడు 'ఓఁ' అనే అనిశ్చిత సర్వనామం వాడతాడు: ఆ వినోదంలో ఎవరికీ సుఖం దొరకదని. ఎమ్మా కూడా ఓఁతోనే, అసలు ఎప్పుడైనా దొరుకుతుందా అని అడుగుతుంది. ఓఁ ఎవరినీ చేర్చుకోదు, ఎవరినీ తోసివేయదు. ఆమె గీసిన ఆడ–మగ గీతను అతడు చెరపలేదు, ఆ గీత లేని చోటికి సంభాషణను జరిపాడు. ఆమె గమనించకుండానే అతడి వెంట జరిగింది. ఈ ఓఁను అనువదించడానికి తెలుగుకు సర్వనామమే అక్కరలేదు. 'అందులో సుఖం దొరకదు', 'ఎక్కడైనా దొరుకుతుందా' అంటే చాలు. ఎవరికి అన్నది చెప్పకుండా వదిలేయగల శక్తి తెలుగు వాక్యానికి సహజంగా ఉంది. ఇంగ్లీషు ద్వారా అనువదించేవారికి ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. ఇంగ్లీషు అనువాదకులు ఓఁను తరచు 'వుయ్' అని మారుస్తారు. దాన్ని చూసి తెలుగులో 'మనకు' అని రాస్తే, రొదోల్ఫ్ ఇంకా అనని మాటను అతడి చేత ముందే అనిపించినట్లవుతుంది.

ఆ మాట అతడు అనేది బహుమతులు ప్రకటించే వేళ. మనం ఎందుకు కలుసుకొన్నాం, ఏ యోగం కలిపింది అని అడిగి, రెండు నదులు దూరం నుంచి ఒకదానివైపు ఒకటి పారినట్లు తమ తమ వాలులు తమను దగ్గర చేశాయని చెబుతాడు. చేయి పట్టుకొంటాడు, ఆమె వెనక్కి తీసుకోదు. కింద నుంచి మంచి సేద్యానికి బహుమతి అన్న కేక వినిపిస్తుంది. ఇక్కడి నూ కేవలం మనము. 'మనిద్దరం' అనాలనే కోరిక అనువాదకుడికి కలుగుతుంది గాని, మూలంలో ఇద్దరు అన్న మాట ఆ చోట సర్వనామంతో కలిసి లేదు. మనమే చాలు. ఇద్దరూ ఒకరినొకరు 'వూ' అనే గౌరవ మధ్యమపురుషతోనే పిలుచుకొంటున్నారు కనుక తెలుగులో మీరు నిలవాలి. మీరు అంటూనే మనం అనడంలో ఉన్న ఆ మర్యాద చాటు చొరవే ఈ దృశ్యానికి ప్రాణం. ఎమ్మా మేముతో మొదలై, ఎవరిదీ కాని ఓఁ మీదుగా, రొదోల్ఫ్ మనము దాకా ఒక లోబరచుకోవడం జరిగింది. ఫ్రెంచిలో ఈ మూడు మెట్లలో మొదటిదీ చివరిదీ ఒకే సర్వనామం. తెలుగులో అవి రెండు వేర్వేరు సర్వనామాలై బయటపడతాయి. అనువాదంలో మూలం కన్నా ఎక్కువ కనిపించే సందర్భాలు తక్కువ. ఇది వాటిలో ఒకటి. దీన్ని లాభమని ఊరుకోవడం కూడా తొందరపాటే. ఫ్లోబేర్ పాఠకుడు వెంటనే గుర్తించనిదాన్ని తెలుగు పాఠకుడి చేతికి ముందే అందిస్తున్నది వ్యాకరణం.

అసలు కష్టం కింద వేదికపైన ఉంది. లియవాఁ రాజును నోత్ర్ అంటూ కీర్తించినప్పుడు 'మన రాజు' అనడానికి ఎవరూ తడబడరు. కాసేపటికి అతడు రైతులనే మీరు అని సంబోధించి పొగుడుతాడు. ఆ తరవాత సేద్యం ప్రయోజనాన్ని వివరిస్తూ అడుగుతాడు: నో అవసరాలు తీర్చేది ఎవరు? రైతు కాదా? దుక్కి దున్ని విత్తనం చల్లి గోధుమ పండించేది, అది పిండి అయి పట్నాలకు చేరి రొట్టె అయ్యేది ఎవరి వల్ల? రైతు లేకపోతే నూ ఏం కట్టుకొంటాం, ఏం తింటాం? ఈ మాటలు వింటున్నది రైతులే. తమ పంట పిండి అవుతుందనీ పిండి రొట్టె అవుతుందనీ వారికే పాఠం చెబుతున్నాడు. ఈ నూ ఎవరు?

అర్థాన్ని మాత్రమే చూస్తే మేము అనాలి. రైతు లేకపోతే ఆకలితో ఉండేది రైతు కానివాడు, పట్నవాసి, అధికారి. 'మా అవసరాలు తీర్చేది రైతు కాదా' అంటే తర్కం కుదురుతుంది. కాని అప్పుడు తెలుగు వాక్యం దానంతటదే 'మీరు కాదా' అని ముగియాలని కోరుకొంటుంది. ఎదురుగా కూర్చున్న రైతును మేము నుంచి మినహాయించిన వక్త అతణ్ణి మీరు అనకుండా 'రైతు' అని ప్రథమపురుషలో చెప్పడం తెలుగులో వికృతంగా ఉంటుంది. పైగా 'మా అవసరాలు మీరు తీరుస్తున్నారు' అన్నది నిజాయితీ గల మాట. అందులో ఋణం ఒప్పుకోవడం ఉంది. లియవాఁ ఎవరికీ ఋణపడలేదు.

మన అంటే తర్కం వంకర అవుతుంది. వింటున్న రైతు ఒకే వాక్యంలో 'మన'లో తిండి తినేవాడిగానూ, 'రైతు'లో తిండి పెట్టేవాడిగానూ రెండుసార్లు కనిపిస్తాడు. రైతు తనకు తానే ఉపకారం చేసుకొంటున్నట్లు, దానికి అధికారి కృతజ్ఞత చెబుతున్నట్లు ఉంటుంది. అయితే ఈ వంకర మూలంలో ఉన్నదే. లియవాఁ నూ వర్గాలన్నింటినీ కలిపేసి జాతి అంతా ఒకే కుటుంబమన్నట్లు నటించే అధికార భాష. ఆ కుటుంబంలో ఎవరు దున్నుతారు, ఎవరు తింటారు అన్న ప్రశ్న రాకుండా చూడడమే దాని పని. తెలుగు సభలలో 'మన రైతన్న' అంటూ రైతుల ఎదుటే మాట్లాడే వక్తలను విన్నవారికి ఈ మన పరిచయమే. కనుక 'మనకు తిండి పెట్టేదెవరు, మన ఒంటి మీద బట్ట ఎవరి చలవ, రైతన్నది కాదూ' అన్న ధోరణే ఇక్కడ సరైనది. ఇందులో నోటి ఉదారతా ఉంది, దాని బోలుతనమూ ఉంది.

మూడవ దారి కూడా ఉంది. తెలుగులో మనము, మేము రెండింటికీ క్రియా ప్రత్యయం ఒకటే. మేము వచ్చాము, మనము వచ్చాము. సర్వనామాన్ని లోపింపజేసి 'వచ్చాం' అంటే శ్రోత అందులో ఉన్నాడో లేడో క్రియ చెప్పదు. 'రైతులం' అన్న నామవాక్యమూ అంతే. నూను యథాతథంగా, ఎటూ తేల్చకుండా దాటించదలచిన అనువాదకుడికి ఇది అక్కరకొస్తుంది. మదాం బోవరీ వంటి రచనలో కర్తృస్థానంలోని కొన్ని నూలను ఇలా మౌనంగా దాటించవచ్చు. దీని హద్దు సంబంధ, సంప్రదాన రూపాల దగ్గర వస్తుంది. మా–మన, మాకు–మనకు అన్నచోట క్రియ ఆదుకోదు. లోపింపజేస్తే వాక్యమే ఎవరిదీ కాకుండా పోతుంది. 'రైతు లేనిదే తినేదేమిటి, కట్టేదేమిటి' అనవచ్చు. అది చక్కని తెలుగే. కాని లియవాఁ నూ అందులో లేదు, సామెత చెప్పే ముసలివాడు ఉన్నాడు.

సర్వనామం లేకుండానే శ్రోతను కలుపుకొనే చోటు ఫ్రెంచిలోనూ ఒకటుంది. 'పార్తోఁ' వంటి విధిరూపం అంటే వెళ్దాం అనే అర్థం. ఎదుటివారు లేకుండా ఆ పిలుపు కుదరదు. తెలుగు -దాము కూడా అలాంటిదే. 'మేము వెళ్దాం' అని ఎదుటివారితో అనరు. 'మేము వెళ్దామనుకొంటున్నాం' అని మాత్రం అంటారు. అక్కడ ఆ వెళ్దాం ఎదుటివారితో అన్నది కాదు, తమలో తాము అనుకొన్న మాట ఉల్లేఖనగా వచ్చింది. దీన్ని ఫ్రెంచిలోకి మార్చేటప్పుడు విధిరూపం వాడకూడదు. వెళ్ళాలనే ఉద్దేశం ఉన్నదని చెప్పాలి. వెళ్దాం అన్న రూపం కనబడగానే పార్తోఁ అని రాసిన తొందర అనువాదంలో, వక్త ఎదుటివాణ్ణి కూడా బయలుదేరదీసినట్లు కథ మారిపోతుంది.

వ్యవసాయ ప్రదర్శన అధ్యాయం చివర మరొక నూ ఉంది. ఒకే కమతంలో 54 ఏళ్ళు పనిచేసిన కాతరీన్ లెరూ అనే ముసలి పనిమనిషికి 25 ఫ్రాంకుల విలువ గల వెండి పతకం ఇస్తారు. ఆమె దాన్ని తమ ఊరి మతగురువుకు ఇచ్చి తన కోసం పూజలు చేయించుకొంటానంటుంది. ఆ గురువును పేర్కొంటూ ఆమె వాడిన పదం 'షే నూ', మా ఊరి, మా వైపు అని. మాట్లాడేది ఒక్కతె, ఎవరితోనూ కలిసి కాదు, అయినా నూ. ఇది తెలుగులోకి 'మా ఊరి గురువుగారికి' అని ఏ ప్రయాసా లేకుండా వస్తుంది. ఎందుకంటే ఒంటరి మనిషి కూడా ఊరు, ఇల్లు, కన్నవారు వంటివాటిని నా అనకుండా మా అనడం తెలుగు మర్యాద. అధికారి నూ, ప్రేమికుడి నూ తెలుగులో తిప్పలు పెట్టగా, ఈ పనిమనిషి నూ పుట్టింటికి వచ్చినట్లు వచ్చింది.

తెలుగు నుంచి ఫ్రెంచికి వెళ్ళేటప్పుడు సరిగ్గా ఈ మా దగ్గరే తొలి ప్రమాదం. షే నూ వంటి కొన్ని నుడికారాలలో ఫ్రెంచి కూడా మా అంటుంది గాని, బంధువుల విషయంలో అనదు. 'మా నాన్న' అంటే ఫ్రెంచిలో నా తండ్రి. మా అన్న పదాన్ని బట్టి నోత్ర్ అని రాస్తే, చెప్పే వ్యక్తి పక్కన అన్నదమ్ములు నిలబడి ఉన్నారని ఫ్రెంచి పాఠకుడు అనుకొంటాడు. 'మా ఆవిడ'ను అలా మారిస్తే పరిస్థితి ఇంకా దిగజారుతుంది. తెలుగు మా రెండు పనులు చేస్తుంది: శ్రోతను వేరుచేయడం, వ్యక్తిని కుటుంబంలో ఇమడ్చడం. ఫ్రెంచి నోత్ర్ మనుషులను లెక్కపెడుతుంది. కనుక ఏకవచన వక్త మాను నా అని మార్చడంలో అర్థం పోదు. పోయేది ఆ కుటుంబపు నీడ.

మన పోతే పోయేది కథే కావచ్చు. పెళ్ళి మాటల సన్నివేశం ఒకటి తీసుకొందాం. వరుడి తండ్రి మొదట 'మావాడికి మీ అమ్మాయి నచ్చింది' అంటాడు. కట్నాలు, కానుకలు, ముహూర్తం తేలేవరకూ మావాడు, మీ అమ్మాయి అనే గోడ నిలిచి ఉంటుంది. ఇవన్నీ కుదిరాక అతడే 'ఇంక మన పిల్లలు, మీ పిల్లలా మా పిల్లలా బావగారూ' అంటాడు. ఆ ఒక్క మనతో వియ్యం ఖాయమైందని వింటున్నవారందరికీ తెలుస్తుంది. మళ్ళీ ఎక్కడైనా బెడిసికొట్టి అతడు 'మావాడు' అంటే, సంబంధం తప్పిపోతున్నదని కూడా అంత వెంటనే తెలుస్తుంది. ఫ్రెంచిలో తొలి మాటలకు అడ్డులేదు. నా కొడుకు, మీ కూతురు అంటే సరిపోతుంది. మన పిల్లలను నో పిల్లలు అన్నప్పుడే మలుపు మాయమవుతుంది. ఆ మాటకు వరుడి తండ్రి తన భార్యనూ తననూ కలిపి తమ సొంత పిల్లలను గురించి చెబుతున్నాడన్న అర్థం కూడా వస్తుంది. అనువాదకుడు ఏదో ఒకటి కలపక తప్పదు: 'మీకూ నాకూ చెందిన ఈ పిల్లలు' అనో, 'మన ఇద్దరు పిల్లలు' అనో. మొదటిది స్పష్టమే గాని తెలుగులో ఒక్క మాటతో జరిగిన పని అక్కడ వాక్యమంత అవుతుంది. అటువంటి చోట సర్వనామంతో పోరాడక, బావగారూ అన్న పిలుపుకు దీటైన చనువును సంభాషణలో తొలిసారిగా అక్కడే ప్రవేశపెట్టడం మేలు. సర్వనామం చేసిన పనిని సంబోధన చేస్తుంది.

ఇంతకన్నా సూక్ష్మమైనది గురజాడ 'కన్యాశుల్కం' (1897, మార్పులతో 1909) వల్ల అందరి నోటా నానిన 'మనవాళ్ళు'. గిరీశం ఆ మాటతో తిట్టేది తన జాతినే. మన అనడంలో తనను, ఎదుటివాణ్ణి, ఆ తిట్టు తినేవారిని ఒక జట్టు చేస్తాడు. వాళ్ళు అనడంలో ఆ జట్టు నుంచి తాను జారుకొంటాడు. మనం అనివుంటే తిట్టు తనకూ తగిలేది. వాళ్ళు అని ఊరుకొంటే తనకు అధికారం ఉండేది కాదు. ఈ రెండు ముక్కల మాట బెన్‌వెనిస్త్ పట్టికలోని గడులలో దేనిలోనూ పూర్తిగా ఇమడదు. దీన్ని ఫ్రెంచిలో నూ అంటే గిరీశం తన మీద తానే జాలిపడినట్లుంటుంది. అది గిరీశం కాదు. 'నో జాఁ' అక్షరాలా దగ్గరగా ఉంటుంది గాని, పాత ఫ్రెంచిలో ఆ మాటకు మన నౌకర్లు అనే అర్థం బలంగా ఉంది. 'లే నోత్ర్', అనగా మనవారు, వ్యాకరణరీత్యా చక్కగా ప్రథమపురుషే, కాని దాని వాసన సొంత కుటుంబానిదీ సొంత పక్షానిదీ. మిగిలినది కాతరీన్ లెరూ వాడిన షే నూనే. 'షే నూ జనం' అని, జనాన్ని ప్రథమపురుషలో ఉంచి, మనను ఊరి పేరులా ముందు నిలిపితే గిరీశం జారుకొనే సందు ఫ్రెంచిలోనూ దొరుకుతుంది. శ్రోత ఆ ఊరివాడా కాదా అన్నది షే నూ చెప్పదు. వెంకటేశం ఎక్కడివాడో నాటకం చదివేవారికి అప్పటికే తెలుసు.